ఐదో అధ్యాయం: చర్చ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలంలో నేను మాట్లాడిన 42 కుటుంబాల్లో 27 కుటుంబాలు ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందేమోనన్న అనుమానం వచ్చాక కూడా రక్తపరీక్షను కనీసం ఏడాదిపాటు వాయిదా వేశాయి. ఈ అధ్యయనంలో తేలిన ముఖ్య విషయం ఇదే.

పరీక్షకు ఆలస్యంగా రావడానికి అవగాహన లేకపోవడం, ఆస్పత్రి దూరం కావడం కారణాలని ఆరోగ్య అధ్యయనాలు తరచూ చెబుతాయి. ఉద్దానానికి ఈ వివరణ సరిపోదు. కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్‌ను ఇక్కడ ‘కిరాటిన్’ అంటారు; చదువు రాని వాళ్లు కూడా అది ఎంతుందని అడుగుతారు. ఊళ్లలోనే శిబిరాలు జరిగాయి. 2019లో ప్రచురితమైన సర్వే ఈ ప్రాంతంలోని పెద్దవారిలో 18 శాతానికి పైగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని, వారిలో ఎక్కువమందికి కారణం తేలలేదని చెప్పింది. అంటే జబ్బు ప్రతి వీధికీ తెలిసిందే. వాయిదా వేసిన వాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో పెళ్లీడు పిల్లలున్నారు. “కిరాటిన్ ఎక్కువుందని తెలిస్తే మా పిల్లనెవులు సేసుకుంటారమ్మా?” అని ఒక తల్లి అడిగింది. ఆమె భర్తకు అప్పటికే కాళ్లు పొంగుతున్నాయి. కూతురి పెళ్లయిన నెలలోనే ఆయన్ని పలాస తీసుకెళ్లారు. దీన్ని నిర్లక్ష్యం అనలేను. ఇంటి పరువును, పిల్ల భవిష్యత్తును తూచి తీసుకున్న నిర్ణయం అది. అవగాహన సదస్సులు ఈ భయాన్ని తగ్గించలేవని నా అభిప్రాయం.

అయితే ఇంకో వివరణను కొట్టిపారేయలేం. ఈ జబ్బు మొదట్లో లక్షణాలేవీ చూపించదు. బాధ లేనప్పుడు జీడితోట పని మానుకుని ఎవరూ ల్యాబ్‌కు వెళ్లరు. పెళ్లీడు పిల్లలు లేని కొన్ని కుటుంబాలు కూడా ఆలస్యం చేశాయి కాబట్టి, కూలి పోతుందన్న లెక్క కూడా ఇందులో ఉంది. రెండింటిలో దేని బరువు ఎంతో ఈ సమాచారంతో విడదీయలేను.

జబ్బుకు కారణం గురించి ఈ అధ్యయనం ఏమీ చెప్పదు. దాదాపు అందరూ నీటినే తప్పుపట్టారు. మధ్య అమెరికా చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బుపై జరిగిన పరిశోధనలు ఎండలో కష్టం, ఒంట్లో నీరు తగ్గడం వైపు చూపించాయి. ఇక్కడి వాళ్ల నమ్మకాన్ని నమ్మకంగానే నమోదు చేశాను. రుజువుగా వాడలేదు.

పరిమితుల్లో అన్నిటికన్నా పెద్దది ఎంపికకు సంబంధించింది. చనిపోయినవారి కుటుంబాల్లో కొన్ని ఊరు వదిలిపోయాయి. వలస వెళ్లిన మగవాళ్లు నాకు దొరకలేదు. కాబట్టి జబ్బు దెబ్బ గట్టిగా తగిలిన ఇళ్లే ఈ లెక్కలో తగ్గి ఉండొచ్చు. వాయిదా కాలం వాళ్లు గుర్తుచేసుకుని చెప్పింది, ఆస్పత్రి రికార్డులతో సరిచూడలేదు. చాలామంది కోడళ్లు అత్తగారి ఎదుటే మాట్లాడారు. పెళ్లి సంగతి వచ్చినప్పుడు వాళ్ల జవాబులు కురచయ్యాయి. నేనూ ఈ ప్రాంతం అమ్మాయినే కావడంతో తలుపులు తెరిచారు. అదే కారణంతో, సంబంధాల ఊసు బయటికి పొక్కుతుందని కొందరు దాచి ఉండొచ్చు. ఒక్క మండలంలోని 42 ఇళ్లను చూసి ఉద్దానమంతా ఇంతేనని చెప్పడం తగదు. వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఇవే ప్రశ్నలు అడిగితే పెళ్లి భయం ఇంత బలంగా కనిపించకపోవచ్చు కూడా.