‘ఏడో గవిని’ నవల ముఖచిత్రానికి ప్రాంప్ట్

తెలుగు ఫాంటసీ నవలకి ముందు అట్ట బొమ్మ. గవిని అంటే కోటద్వారం. నిలువు బొమ్మ, డెమ్మీ 1/8 సైజు: వెడల్పు 5.5 అంగుళాలు, ఎత్తు 8.5 అంగుళాలు. నాలుగు పక్కలా కోతకి 3 మిల్లీమీటర్లు అదనం. అంగుళానికి 300 చుక్కల లెక్కన 1721 × 2621 పిక్సెళ్లు. ముందు అట్ట ఒక్కటే కావాలి, వెన్ను, వెనక అట్ట వేరే చేయించుకుంటాం. చేత్తో వేసిన రంగుల బొమ్మలా ఉండాలి, కుంచె జాడ కనబడాలి. ఫొటోలా నున్నగా ఉండకూడదు.

చోటు: తెల్లవారుజామున, ఇంకా చీకటి వీడని వేళ, ఒక పెద్ద గుండు రాతి బండ. బెంగళూరు లాల్‌బాగ్‌లో ఉన్న బండలాంటిదే. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. బూడిద రంగు రాతిలో తెల్లటి, లేత గులాబీ చారలు మెలికలు తిరుగుతూ పోతాయి. మడిచిన చీర అంచుల్లా ఒకదాని పక్కన ఒకటి. ఆ చారలు తప్పకుండా కనబడాలి, నల్లటి మొద్దు రాయి వేస్తే ఇది ఏ ఊరి బండైనా అయిపోతుంది. రాతి మీద అక్కడక్కడ అరచేతంత గుంటలు, రాత్రి కురిసిన వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. వాన వెలిసిన మర్నాడు నేను ఆ బండెక్కి చూశాను. ఒక్కో గుంటలో ఒక్కో ఆకాశం ముక్క ఉంటుంది. బొమ్మలో మూడు గుంటలు చాలు, వాటిలో ఒక్కదానిలోనే గవిని వెలుగు ప్రతిఫలించాలి.

ఇది ఊరు పుట్టకముందు కథ. కెంపేగౌడ 1537లో కోట కట్టడానికి ఎంతో ముందుది. కాబట్టి లాల్‌బాగ్ బండ మీదున్న కెంపేగౌడ బురుజు బొమ్మలోకి రాకూడదు. ఇళ్లు, దీపాలు, దూరాన ఊరి గీత కూడా వద్దు. చెట్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఈ ఊరనగానే అందరికీ గుర్తొచ్చే గుల్మొహర్, నిద్రగన్నేరు, గులాబీ రంగు టబేబుయా, అన్నీ తర్వాత సముద్రాలు దాటి వచ్చినవే. నాగజెముడు కూడా అంతే. ఇక్కడ ఉండాల్సినవి కానుగ, మర్రి, మోదుగ, బండ పగుళ్లలో బొమ్మజెముడు. చెట్లు బండ కింది అంచున, నీడల్లా, ఎడమ పక్క కాస్త ఎత్తుగా, కుడి పక్క దాదాపు ఏమీ లేనట్టు.

గవిని: బండ నడినెత్తిన, అటూ ఇటూ గోడ లేకుండా, ఒంటరిగా నిలబడ్డ రాతి కోటద్వారం. రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డరాయి, కింద గడప. అడ్డరాయి మీద గజలక్ష్మి చెక్కడం ఉండేది. వానకీ ఎండకీ అరిగి ఏనుగు తొండాల వంపు మాత్రమే మిగిలింది. గడపకి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో కథలో చివరిదాకా తెలియదు, అందుకే అవి తాజాగా ఉండాలి. చెక్క తలుపు రెక్క ఒకటి మూసి ఉంది, ఇంకొకటి మూరెడు తెరుచుకుంది. వెలుగు ఆ సందులోంచే వస్తుంది. స్తంభాల పక్కనుంచి చూస్తే వెనక అదే చీకటి బండ, అదే ఆకాశం కనబడాలి. చుట్టూ తిరిగి అవతలికి పోవచ్చు, కాని ఆ వెలుగులోకి మాత్రం గడప దాటితేనే వెళ్లగలం. ఈ సంగతి బొమ్మ చూడగానే తెలియాలి. నవల మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

వెలుగు రంగు: సందు మధ్యలో వెన్నరంగు, దాని చుట్టూ నేతిదీపపు పసుపు, గడప దిగి బండ మీదికి పాకేసరికి ఇటిక ఎరుపు. ఎవరో లోపల దీపం పెట్టి మన కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండాలి. మెరుపులు, నిప్పురవ్వలు, సుడులు తిరిగే నీలి మంత్రకాంతి వద్దు. బొమ్మలో బలమైన వెలుగు ఇదొక్కటే, చందమామ లేడు. కాబట్టి నీడలన్నీ గవిని దగ్గర మొదలై మన వైపు సాగుతాయి. ఆకాశం నెమలిమెడ నీలం, కొంచెం పచ్చ కలిసినది. మరీ ముదురు నీలం వేస్తే అచ్చులో వంకాయ రంగుకి తిరుగుతుంది. తెరమీద జిగేల్మనే నారింజ కూడా కాగితం మీద మసకబారుతుంది. అందుకే రంగు గాఢత మీద కాకుండా వెలుగు చీకట్ల తేడా మీద ఆధారపడాలి.

బాటసారి: యాభై ఏళ్ల ఆడమనిషి. అనంతపురం వైపు నుంచి నడిచొచ్చింది. మనకి వీపు కనబడుతుంది, ముఖంలో కుడి చెంప అంచు మాత్రం, వెలుగు గీత గీసినంత. భుజాల మీద నల్ల గొంగళి, తెల్ల అంచుది. వానకి తడిసి బరువుగా వేలాడుతోంది. అంచు పీచుల చివర నీటిబొట్లు, వాటిలో ఒకటో రెండో మెరుస్తున్నాయి. ఎడమ చేతిలో చేతికర్ర, నడుముకి రాగుల మూట. కుడి చెయ్యి మోచేతి దాకా లేచి ఆగిపోయింది. వేళ్ల అంచులు వెలుగుకి ఎర్రగా కనబడుతున్నాయి. కత్తి, కవచం, ఎగిరే అంగీ వద్దు. ఆమె వీరురాలు కాదు, కూతుర్ని వెతుక్కుంటూ వచ్చిన తల్లి.

ఆమె ఉత్త కాళ్లతో నిలబడింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది, గడప ముందు ఎవరైనా చేసేదే. కాని ఆ చెప్పుల ముందు కొసలు వచ్చిన దారి వైపు తిరిగి ఉన్నాయి. లోపలికి పోతుందో వెనక్కి తిరుగుతుందో ఆమెకే తెలియదు. బొమ్మలో ఏది వదిలేసినా పర్వాలేదు, ఈ జత చెప్పులు మాత్రం స్పష్టంగా ఉండాలి: తోలువి, అరిగిన మడమలతో, ఎడమ చెప్పు వారు తెగితే తాడుతో కట్టినది.

కొలతలు: ఆమె ఎత్తు బొమ్మ ఎత్తులో ఆరో వంతు. గవిని ఆమెకి రెండింతలు, అంతకు మించకూడదు. మరీ పెద్దదైతే గుడి గోపురమైపోతుంది, ఇల్లులా అనిపించదు. ఆమె మధ్యగీతకి కొంచెం ఎడమగా, తెరిచిన సందు కొంచెం కుడిగా. బొమ్మని బొటనవేలంతకి కుదించినా మనిషి, సందు, మధ్యనున్న చీకటి విడివిడిగా తెలియాలి. పుస్తకం ఇప్పుడు ముందు ఫోన్‌లోనే కనబడుతుంది.

పేరుకి చోటు: పైన ఐదింట రెండు వంతులు ఖాళీ ఆకాశం. అక్కడ చుక్కలు, పక్షులు, కొమ్మలు, అంచులున్న మబ్బులు ఏవీ వద్దు. నీలం పైనుంచి కిందికి మెల్లగా పలచబడితే చాలు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తులు ఉంటాయి. ‘ఏడో’, ‘గవిని’ రెండు వరుసల్లో వేసినప్పుడు పైమాట, కిందమాట గుద్దుకోకుండా ఊపిరాడాలంటే అంత చోటు కావాలి. అక్షరాలు లేత పసుపులో వస్తాయి కాబట్టి ఆ భాగమంతా ముదురుగానే ఉండాలి. అడుగున పదో వంతు ఎత్తు మేర ఉత్త బండ, చారలు కూడా నీడలో కలిసిపోయేలా. రచయిత్రి పేరు అక్కడ వస్తుంది.

బొమ్మలో అక్షరమనేదే ఉండకూడదు. తలుపు మీద లిపి, రాతి మీద శాసనం, మూల సంతకం, ముద్ర, అంచు చట్రం ఏవీ వద్దు. ఇలా పుట్టించే బొమ్మల్లో తెలుగు చాలాసార్లు ముక్కలైపోతుంది, ‘గ’కి తలకట్టు ఊడిపోయి ‘న’కి గుడి ఎక్కడో తేలుతుంది. పేరు మేమే తర్వాత కూర్చుకుంటాం.

ఇదే దృశ్యానికి నాలుగు రూపాలు కావాలి. మారాల్సింది తలుపు సందు వెడల్పు మాత్రమే: జానెడు, మూరెడు, రెండు మూరలు, పూర్తిగా తెరిచినది.