వరుడు కావలెను: 6 వేల నియోగి, గుంటూరు

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు

గుంటూరు వా., 6 వేల ని. బ్రా., కౌండిన్యస గో., రోహిణి న. 2వ పా., వృషభ రా., జ. నవంబరు 1997, 28 సం., 5'3'', చామనఛాయ, బి.ఎస్సీ. (అగ్రి.), ఎమ్మెస్సీ (అగ్రి.), రాష్ట్ర ప్రభు. మం. వ్యవసాయాధికారిణి, కుజదోషం లేదు. తండ్రి రి. హెచ్.ఎం., తల్లి గృ., అన్న 1 (వి., సాఫ్ట్., బెంగళూరు). పై వధువుకు 28–33 సం., 5'6'' పైన, డిగ్రీ ఆపైన చదివి స్థిరమైన సంపాదన ఉన్న, దురలవాట్లు లేని, భిన్న గో. వరుడు కావలెను. శాఖాభేదం లేదు. విదేశీ సంబంధాలు వద్దు. వధువు ఉద్యోగం కొనసాగిస్తుంది.

పెద్దలకు నమస్కారములు.

పైన ఉన్న నాలుగు ముక్కలూ మా సంఘం మాసపత్రిక కోసం రాసినవి. అక్కడ లైనుకింతని లెక్క, అందుకే అన్నీ పొట్టి అక్షరాలు. ఈ కాగితంలో ఆ ఇబ్బంది లేదు కాబట్టి మిగతాది వివరంగా రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ల పైన జడ్.పి. హైస్కూళ్లలో లెక్కలు చెప్పినవాణ్ణి. 5'3'' అన్నది చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి కొలిచిన మాట. రంగు దగ్గర "తెలుపు" అని వేయించమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పిల్ల రోజూ ఎండలో పొలాల వెంట తిరుగుతుంది. రేపు మా ఇంటికి వచ్చి చూసేవారికి కళ్లుంటాయి కదా, ఉన్నదే వేయించాను.

మాది చేబ్రోలు దగ్గర పల్లె. మా నాన్నగారు కీ.శే., 1984లో కరణాల వ్యవస్థ తీసేసే దాకా ఊరి కరణం. మా అమ్మగారికి 84 సం., మా దగ్గరే ఉంటారు, ఇప్పటికీ మడి కట్టుకునే వంట. మేము బ్రాడీపేటలో సొంత ఇంట్లో ఉంటున్నాం. అబ్బాయి, కోడలు బెంగళూరులో ఉద్యోగాలు, వారికి ఒక పాప. అమ్మాయి మేనమామగారు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటారు. రోహిణిలో పుడితే మేనమామకు గండం అంటారని కొందరు ఫోనులో గుర్తు చేశారు. ఆయనకు 62 నిండాయి, దుర్గమ్మ గుడి మెట్లు ఆగకుండా ఎక్కుతారు, ఈ సంబంధాల కోసం మా అందరికంటే ఎక్కువ తిరుగుతున్నది కూడా ఆయనే. నక్షత్ర పొంతన మాత్రం మేమూ చూస్తాం. అందులో దాపరికం లేదు.

అమ్మాయి బి.ఎస్సీ. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివింది. ఎమ్మెస్సీలో కీటక శాస్త్రం తీసుకుంది. 2021–22లో మన మిర్చి తోటలను నల్ల తామర పురుగు ఊడ్చేసిన సంగతి ఈ ప్రాంతం వారికి చెప్పనక్కర్లేదు. ఎకరానికి లక్షలు పెట్టి, చివరికి తోటలు పీకేసినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అప్పటి నుంచి ఆ పురుగంటే దీనికి ఒక పట్టుదల. మా ఫ్రిజ్‌లో మజ్జిగ గిన్నె పక్కన తేదీ రాసిన ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి, వాటిలో మిర్చి పూలు, ఆకులు. ఒక ఆదివారం భోజనాల బల్ల మీద తెల్ల కాగితం పరిచి పువ్వు విదిలించింది. నల్లటి నలుసులు పడ్డాయి. చూస్తుండగానే అవి పాకడం మొదలుపెట్టాయి. మా అమ్మగారు ఆ పూట ఆ బల్ల మీద పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇంట్లో ఇదొక్కటే తగువు. ఇలాంటివి సర్దుకోగల ఇల్లయితే మంచిదని ముందే చెబుతున్నాను.

పని చేసేది ఇంటికి పాతిక కి.మీ. లోపు మండలంలో. స్కూటీ మీద వెళ్లి వస్తుంది. ఖరీఫ్‌లో ఈ-క్రాప్ నమోదు, యూరియా వచ్చిన రోజు రైతుల క్యూలు, పంట నష్టం అంచనాలు వస్తే ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. ఆ రోజుల్లో వంట చేయమంటే చేయదు, చేయలేదు కూడా. మామూలు రోజుల్లో పప్పుచారు, గుత్తివంకాయ బాగా చేస్తుంది. పెరుగావకాయ కలిపిందంటే నేనూ ఇంకో ముద్ద తింటాను.

ఇక అసలు విషయం. రెండేళ్లలో నాలుగు పెళ్లిచూపులు అయ్యాయి. అన్నీ మంచి కుటుంబాలే, ఎవరినీ తప్పు పట్టను. కానీ నాలుగు చోట్లా జాతకాలు కలిసి, కాఫీలు తాగి, "పిల్ల నచ్చింది" అన్నాక వచ్చిన మాట ఒక్కటే: పెళ్లయ్యాక ఉద్యోగం మానేయాలి. రెండు అమెరికా, ఒకటి హైదరాబాదు, ఒకటి మన విజయవాడే. విజయవాడ వారికి దూరం సమస్య కాదు, "మగవాళ్ల మధ్య పొలాల్లో తిరగడం" సమస్య. చివరిసారి వారు వెళ్లాక మా అమ్మాయి, "నాన్నా, ఆ ప్రశ్నేదో మొదటి ఫోనులోనే అడిగేయమను. అమ్మ చేత మూడోసారి బొబ్బట్లు చేయించాక ఎందుకు?" అంది. అందుకే ఈ కాగితం.

కాబట్టి గుంటూరు, విజయవాడ, తెనాలి, బాపట్ల, ఒంగోలు ప్రాంతాల్లో స్థిరపడిన వారికి ప్రాధాన్యం. ఇది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం, జిల్లా మారే బదిలీయే అనుకున్నప్పుడు దొరకదు, హైదరాబాదుకైతే అసలే కుదరదు. ఇంటి నుంచి పని చేసుకునే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఇక్కడ ఉంటానంటే సంతోషం. ప్రైవేటు ఉద్యోగమైనా, లెక్చరరైనా, చదువుకుని సేద్యం చేసుకునేవారైనా సరే. జీతం మా అమ్మాయి కంటే తక్కువైనా మాకు పట్టింపు లేదు, అబ్బాయికి లేకపోతే చాలు. పౌరోహిత్యం చేసేవారికి పిల్లనివ్వడం లేదని మా అమ్మగారి బాధ. అలాంటి సంబంధం వస్తే అమ్మాయి మాట్లాడి చూస్తానంది, నేను అంతకు మించి చెప్పలేను.

కట్నం అడిగేవారు దయచేసి శ్రమ తీసుకోవద్దు. 1961 నుంచి చట్టం ఉంది, అంతకంటే ముందు మా మనసుకు ఒప్పదు. పిల్లకు మేము పెట్టుకునేది మేము పెట్టుకుంటాం, అది బేరంలోకి రాదు. పెళ్లి మాత్రం సంప్రదాయంగా చేస్తాం, మర్యాదలకు లోటు రానివ్వం. ముహూర్తం మాఘంలోనో ఫాల్గుణంలోనో పెట్టుకోగలిగితే మేలు, ఖరీఫ్ మధ్యలో దానికి పది రోజుల సెలవు ఇవ్వరు.

పేరు, ఫోటో, ఫోను నంబరు ఇందులో వేయలేదు, అన్యథా భావించవద్దు. నిరుడు ఒక పెళ్లిళ్ల సంస్థకు రూ. 5,000 కట్టి ఇచ్చిన ఫోటో పదిచోట్లకు పోయింది. రాత్రి పదకొండింటికి ఎవరెవరో ఫోన్లు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ కాగితం మీకు ఇచ్చినవారు మమ్మల్ని ఎరిగినవారే, అడిగితే నా నంబరు చెబుతారు. సా. 5 నుంచి 8 లోపు చేయండి, విజయవాడ వైపు వారు మేనమామగారితో నేరుగా మాట్లాడవచ్చు. జాతకం, ఫోటో ఇచ్చిపుచ్చుకున్నాక, పిల్లలిద్దరూ ముందు ఫోనులో మాట్లాడుకోవాలని అమ్మాయి కోరిక. ఆ తర్వాతే పెళ్లిచూపులు, బొబ్బట్లు. కుదరదనుకుంటే ఒక్క మాట చెప్పండి చాలు, కారణం అడగం. మధ్యవర్తులు వద్దు.

ఇట్లు,
అమ్మాయి తల్లిదండ్రులు
బ్రాడీపేట, గుంటూరు-2