ఏటొడ్డు మూడెకరాలు

కల్లంలో మిరపకాయల నుంచి తాలు వేరు చేస్తూ రాజన్న అడిగాడు. "పుణే వాళ్లకు ఏం చెప్పినవ్?"

"ఇంకా ఏం చెప్పలే బాపు."

ఐటీఐ చదివిన మహేశ్‌కు ఒక మోటారు పార్టుల కంపెనీ నుంచి పిలుపొచ్చింది. నెలకు 18 వేలు. ఒకటో తారీఖున చేరాలి. మహారాష్ట్రలోని సిరొంచలో తన ఈడు పిల్లలు చాలామంది అటో, హైదరాబాదుకో పోయారు. ఇంట్లో పొమ్మనీ అనరు, వద్దనీ అనరు. అసలు టెన్షన్ అదే.

భూమి కాగితం సాత్‌బారా మరాఠీలో ఉంటుంది, చిన్నప్పుడు మంథనిలో మేనమామ ఇంట చదువుకున్న రాజన్నకు అది చదవరాదు. వరంగల్ మార్కెట్లో మిర్చి అమ్మితే ఇచ్చే తక్‌పట్టీ తెలుగులో ఉంటుంది, మరాఠీ బడిలో చదివిన మహేశ్‌కు అది రాదు. ఒకరు లేకుంటే రెండోవారికి సగం వ్యవసాయం అర్థం కాదు.

ఏడెకరాల్లో నాలుగు మెరక, బోరు కింద మిర్చి. మిగతా మూడు ప్రాణహిత ఒడ్డున. 2019లో మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక నీళ్లు వెనక్కి తన్ని ఆ మూడెకరాలు మునిగేవి. 2023 అక్టోబరులో పియర్లు కుంగడంతో గేట్లు ఎత్తారు, చేను బయటపడింది. అప్పటినుంచి రాజన్నది ఒకటే పాట, వచ్చే ఏడు అక్కడా మిర్చే.

"ఆగస్టుల నారు పెడితే వరదకు ఆగుతదా బాపు? రేపు మరమ్మతు చేసి గేట్లు దించితే? ఎకరానికి లక్ష పెట్టుబడి నీళ్లపాలే."

"మా నాయిన ఆడ్నే పండించిండు."

"తాత కాలంల బ్యారేజీ లేదు."

రాజన్న గుప్పెట్లో ఉన్న తెల్లబారిన కాయల్ని గంపలోకి విసిరాడు. అవ్వ ఇద్దరినీ చూసి లేచి పోయింది, ఆమెకు ఈ పంచాయితీ కొత్త కాదు.

"సరే, ఉంటా," అన్నాడు మహేశ్. "కానీ ఏటొడ్డు చేను నాకిడిచిపెట్టు. వరద తీసినంక ఆ ఒండ్రుల మినుములేస్తా. పోతే విత్తనమే పోతది. మెరక నీది, నీ మిర్చి నువ్వు చూసుకో."

"లేకుంటే?"

"పుణే పోతా."

"బెదిరిస్తున్నవా?"

"లెక్క చెప్తున్న."

రాజన్న పలకలేదు. మహేశ్ చేతులు దులుపుకున్నాడు, కారం అంటుకున్న వేళ్లతో కళ్లు తుడుచుకోకుండా జాగ్రత్తపడుతూ ఫోను తీశాడు. కంపెనీ ఆయనతో మరాఠీలో రెండు నిమిషాలు మాట్లాడి, క్షమించమని చెప్పి పెట్టేశాడు.

"ఒప్పుకోకముందే రానని చెప్పినవా?" రాజన్న గొంతు లేచింది. "నేను ఊ అనకుంటే ఏం జేద్దువు?"

"ఇంకో కంపెనీ చూసుకుందు. ఇప్పుడన్నా ఊ అను."

రాజన్న ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. ఏరాడు. మళ్లీ ఏరాడు.

"మినుముల విత్తనం యాడ దొరుకుతదిరా, సిరొంచల్నా, అవతలికి పోవాల్నా?"