ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ఇంటర్వ్యూ: ప్రశ్నలు, జవాబులు

పోస్టు: జూనియర్ ఇంజనీర్, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. స్థలం: పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ. అర్హత: ఈఈఈలో డిప్లొమా లేదా బీటెక్. అభ్యర్థి పాలిటెక్నిక్ పూర్తిచేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరిన అమ్మాయి. ఎండాకాలం సెలవుల్లో మోటార్ రివైండింగ్ షాపులో పనిచేసింది. ప్రశ్నలు అడిగింది ఇద్దరం: ఎలక్ట్రికల్ హెడ్‌గా నేనూ, ఇన్‌స్ట్రుమెంటేషన్ నుంచి వచ్చిన ఇంజనీరూ.

నేను: కూర్చో అమ్మా. టెన్షన్ పడకు. మా సబ్‌స్టేషన్‌లో 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 11 కేవీ నుంచి 433 వోల్టులకు. ఎల్టీ వైపు ఫుల్ లోడ్ కరెంట్ ఎంత?

అభ్యర్థి: త్రీ ఫేజ్ కాబట్టి I = 500000 / (1.732 × 433). సుమారు 667 ఆంపియర్లు సార్.

నేను: హెచ్‌టీ వైపు?

అభ్యర్థి: 26 ఆంపియర్ల పైచిలుకు.

నేను: దీని రేటింగ్ కిలోవాట్లలో కాకుండా కేవీఏలో ఎందుకు ఇస్తారు?

అభ్యర్థి: కోర్ నష్టం వోల్టేజీని బట్టి, కాపర్ నష్టం కరెంటును బట్టి ఉంటుంది సార్. వేడెక్కేది ఈ రెండింటి వల్లే. లోడు పవర్ ఫ్యాక్టర్ ఎంతో తయారుచేసేవాళ్లకు ముందుగా తెలియదు.

(ఈ జవాబు అందరూ బట్టీ పట్టుకొస్తారు. అందుకే అక్కడ ఆగకుండా లెక్క ఇచ్చాను.)

నేను: కోర్ నష్టం 1 కిలోవాట్, ఫుల్ లోడ్‌లో కాపర్ నష్టం 4 కిలోవాట్లు అనుకో. ఏ లోడు దగ్గర ఎఫిషియెన్సీ ఎక్కువ?

అభ్యర్థి: రెండు నష్టాలూ సమానమైన చోట. కాపర్ నష్టం లోడు వర్గాన్ని బట్టి మారుతుంది. కాబట్టి సగం లోడులో అది 1 కిలోవాట్ అవుతుంది. జవాబు 50 శాతం.

నేను: ఈ రెండు నష్టాలూ టెస్టుల్లో ఎలా తెలుసుకుంటావు?

అభ్యర్థి: ఓపెన్ సర్క్యూట్ టెస్ట్‌లో కోర్ నష్టం. దాన్ని ఎల్వీ వైపు నుంచి రేటెడ్ వోల్టేజీ ఇచ్చి చేస్తాం. షార్ట్ సర్క్యూట్ టెస్ట్‌లో కాపర్ నష్టం. ఎల్వీని షార్ట్ చేసి, హెచ్‌వీ వైపు రేటెడ్ కరెంట్ వచ్చేదాకా వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతాం.

నేను: నేమ్‌ప్లేట్ మీద ఇంపీడెన్స్ 4.5 శాతం అని ఉంది. ఎల్టీ టెర్మినళ్ల దగ్గర మూడు ఫేజులూ షార్ట్ అయితే?

అభ్యర్థి (కాసేపు ఆలోచించి): 667ని 0.045తో భాగిస్తే దాదాపు 14.8 కిలో ఆంపియర్లు. బ్రేకర్ అంత కరెంటునూ తెంచగలిగేది అయి ఉండాలి.

(బ్రేకర్ సంగతి నేను అడగలేదు, తనే చెప్పింది. నోట్‌బుక్కులో టిక్కు పెట్టుకున్నాను.)

నేను: బుక్‌హాల్జ్ రిలే ఎక్కడ ఉంటుంది?

అభ్యర్థి: మెయిన్ ట్యాంకుకూ కన్సర్వేటర్‌కూ మధ్య పైపులో. లోపల చిన్న ఫాల్ట్ ఉంటే నూనె నుంచి గ్యాస్ పుట్టి పైన చేరుతుంది, అలారం వస్తుంది. పెద్ద ఫాల్ట్ అయితే నూనె ఒక్కసారిగా తన్నుకొస్తుంది, ట్రిప్ అవుతుంది. సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగులోకి మారితే తేమ పట్టిందని అర్థం, మార్చాలి సార్.

ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు: లోడు నడుస్తుండగా సీటీ సెకండరీ వైరు ఊడదీస్తే ఏమవుతుంది?

అభ్యర్థి: సెకండరీలో ఎదురు ఆంపియర్ టర్న్స్ ఉండవు. ప్రైమరీ కరెంట్ అంతా కోర్‌ను సాచురేట్ చేస్తుంది, టెర్మినళ్ల దగ్గర ప్రమాదకరమైన వోల్టేజీ పుడుతుంది. ముందు షార్ట్ చేశాకే అమ్మీటర్ తీయాలి.

నేను: సరే, మోటార్లకు వద్దాం. 15 కిలోవాట్ల ఇండక్షన్ మోటార్, 415 వోల్టులు, 50 హెర్ట్జ్, నేమ్‌ప్లేట్ మీద 1440 ఆర్‌పీఎం. ఎన్ని పోల్స్? స్లిప్ ఎంత?

అభ్యర్థి: సింక్రనస్ స్పీడ్ 1500, నాలుగు పోల్స్. స్లిప్ 60 బై 1500, అంటే 4 శాతం. రోటర్‌లో ఫ్రీక్వెన్సీ 2 హెర్ట్జ్.

నేను: 1500కి ఎందుకు చేరదు?

అభ్యర్థి: చేరితే తిరిగే ఫీల్డుకూ రోటర్‌కూ మధ్య వేగం తేడా ఉండదు. ఈఎంఎఫ్ పుట్టదు, కరెంట్ లేదు, టార్క్ లేదు. వెంటనే వెనకపడుతుంది.

నేను: ఫుల్ లోడ్ కరెంట్ 27 ఆంపియర్లు అనుకుందాం. స్టార్-డెల్టా స్టార్టర్. మెయిన్ కాంటాక్టర్ కింద మోటార్ వైపు ఓవర్‌లోడ్ రిలే ఉంది. ఎంతకు సెట్ చేస్తావు?

అభ్యర్థి: 27కే సార్.

నేను: కాగితం మీద గీసి చూపించు.

(గీసింది. మెయిన్ కాంటాక్టర్ నుంచి వైండింగ్ మొదళ్లకు మూడు వైర్లు, డెల్టా కాంటాక్టర్ నుంచి చివరలకు మూడు. రిలే ఉన్న చోట పెన్ను ఆగింది.)

అభ్యర్థి: ఇక్కడ వెళ్లేది ఫేజ్ కరెంట్ సార్, లైన్ కరెంట్ కాదు. 27ని 1.732తో భాగించాలి. 15.6 ఆంపియర్లు.

నేను: 27కు పెడితే?

అభ్యర్థి: లైన్‌లో దాదాపు 47 ఆంపియర్లు దాటితే గానీ రిలే ఓవర్‌లోడును గుర్తించదు. ఈలోపు వైండింగ్ కాలిపోతుంది. మా షాపుకు అలాంటి మోటార్లు వచ్చేవి.

(అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడ పొరబడతారు. బొమ్మ గీశాక తనంతట తను సరిదిద్దుకుంది, నాకు అది చాలు.)

నేను: స్టార్‌లో స్టార్ట్ చేస్తే లాభం, నష్టం?

అభ్యర్థి: లైన్ కరెంట్ డీఓఎల్‌తో పోలిస్తే మూడో వంతు. టార్క్ కూడా మూడో వంతే. అందుకే నిండు లోడుతో ఉన్న కన్వేయర్‌కు ఇది పనికిరాదు.

నేను: మోటార్ ఆన్ చేస్తే మూలుగుతోంది, తిరగట్లేదు.

అభ్యర్థి: ముందు ఆఫ్ చేస్తాను. ఒక ఫేజ్ పోయి ఉండొచ్చు. ఫ్యూజులు, కాంటాక్టర్ పాయింట్లు, టెర్మినల్ బాక్సు చూస్తాను. షాఫ్ట్ చేత్తో తిరుగుతుందో లేదో చూస్తాను. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో బాడీకీ వైండింగ్‌కూ మధ్య ఇన్సులేషన్.

నేను: మెగ్గర్ పెట్టే ముందు?

అభ్యర్థి: ఐసొలేటర్ ఆఫ్ చేసి తాళం, ట్యాగు వేసి, టెస్టర్‌తో సప్లై లేదని చూసుకుంటాను. వీఎఫ్‌డీ ఉంటే మోటార్ కేబుల్ విడదీస్తాను, లేకపోతే డ్రైవ్ పోతుంది.

ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు: ఇప్పుడు సర్క్యూట్లు. 12 వోల్టుల సోర్స్, సిరీస్‌లో 6 ఓంలు, 3 ఓంలు. 3 ఓంల చివరల నుంచి థెవెనిన్ చెప్పండి.

అభ్యర్థి: వోల్టేజీ 4. సోర్స్‌ను షార్ట్ చేస్తే 6, 3 ప్యారలల్, 2 ఓంలు. అక్కడ 2 ఓంల లోడు పెడితే 1 ఆంపియర్ వస్తుంది, గరిష్ఠంగా 2 వాట్లు అందుతాయి.

ఇంజనీరు: మరి కరెంటు సంస్థలు ఇదే సూత్రం ఎందుకు వాడవు?

అభ్యర్థి: అలా చేస్తే లోడుకు వెళ్లినంత పవర్ సోర్స్ వైపు కూడా వేడిగా పోతుంది. వాళ్లకు కావాల్సింది ఎఫిషియెన్సీ.

ఇంజనీరు: 60 వాట్ల బల్బు, 100 వాట్ల బల్బు సిరీస్‌లో. ఏది బాగా వెలుగుతుంది?

అభ్యర్థి: 60 వాట్లది. దాని రెసిస్టెన్స్ ఎక్కువ, కరెంట్ రెండింటికీ ఒకటే.

ఇంజనీరు: బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉన్న 24 వోల్టుల సప్లై బోర్డులో రిపుల్ పెరిగింది. స్కోప్‌లో 100 హెర్ట్జ్ బదులు 50 కనిపిస్తోంది.

అభ్యర్థి: ఒక డయోడ్ ఓపెన్ అయ్యింది. ఫుల్ వేవ్ కాస్తా హాఫ్ వేవ్ అయ్యింది.

ఇంజనీరు: 100 హెర్ట్జే ఉండి రిపుల్ పెరిగితే?

అభ్యర్థి: ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది, లేదా లోడు పెరిగి ఉంటుంది.

నేను: నువ్వేమైనా అడుగుతావా?

అభ్యర్థి: రాత్రి షిఫ్టులో హెచ్‌టీ బ్రేకర్ ట్రిప్ అయితే మళ్లీ ఛార్జ్ చేసే అధికారం ఎవరికి ఉంటుంది సార్? ఒక్కదాన్నే ఉంటానా?

నేను: ఒక్కరే ఎప్పుడూ ఉండరు. సూపర్‌వైజర్ లైసెన్స్ ఉన్నవాళ్లు షిఫ్టులో ఉంటారు. రిలే ఫ్లాగ్ చూసి కారణం రాసుకున్నాకే ఛార్జింగ్. మొదటి ఆరు నెలలు నువ్వు వాళ్లతోనే తిరుగుతావు. శుక్రవారంలోపు హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వస్తుంది. బయట ఉన్న డిప్లొమా అబ్బాయిని లోపలికి పంపించమ్మా.