ఆఫర్ లెటర్ రెండో భాగం: ప్రొబేషన్, నోటీస్ పీరియడ్, వెరిఫికేషన్ షరతులు

తేదీ: 8 జూన్ 2026, తిరుపతి
పోస్టు: సీనియర్ ఎగ్జిక్యూటివ్, క్లెయిమ్స్ ఆడిట్
పని చేసే చోటు: ఎయిర్ బైపాస్ రోడ్డు ఆఫీసు, తిరుపతి
నెల జీతం: 28,000 రూపాయలు (ఇందులో బేసిక్ 15,000)
చేరే తేదీ: 3 ఆగస్టు 2026, సోమవారం

నమస్తే,

జీతం, అలవెన్సులు, పని వేళలు మొదటి భాగంలో చూశారు కదా. ఉద్యోగం ఏ షరతుల మీద నిలబడుతుంది, ఎప్పుడు పర్మనెంట్ అవుతుంది, మీరు వెళ్లిపోవాలన్నా మేం వద్దనుకున్నా ఏం జరుగుతుంది అనేది ఈ భాగంలో ఉంది. ఇంటర్వ్యూ రోజు మీరు ఎక్కువ అడిగింది కూడా దీని గురించే. చిత్తూరులో మీ ఇంట్లో వాళ్లతో కూర్చుని చదువుకోవడానికి వీలుగా తెలుగులోనే రాశాం, ఇదే ఒప్పందం, దీని వెనక వేరే పేజీలు ఏమీ లేవు.

ముందుగా ఒక మాట. ఈ లెటర్ చేతికి రాగానే ఇప్పుడున్న కంపెనీలో రిజైన్ చేయకండి. మొదటి దశ వెరిఫికేషన్ పూర్తయిందని మా నుంచి మెయిల్ వచ్చాకే చేయండి. ఆ మెయిల్ జూన్ 16 లోపు పంపుతాం. మీకు అక్కడ 45 రోజుల నోటీసు ఉందన్నారు, జూన్ 17న రిజైన్ చేసి 18 నుంచి లెక్కేసుకుంటే ఆగస్టు 1తో అయిపోతుంది, 3న ఇక్కడ చేరొచ్చు. మా వైపు ఆలస్యం జరిగి మెయిల్ రెండు రోజులు వెనకపడితే మీరు చేరే తేదీ కూడా అన్ని రోజులు వెనక్కి వెళ్తుంది, దానికి మీరేమీ కట్టక్కర్లేదు.

వెరిఫికేషన్

ఇది రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో మీ చదువు, అడ్రస్, ఇంతకుముందు చేసిన రెండు కంపెనీలు, కోర్టు రికార్డులు చూస్తాం. ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీని మాత్రం మీరు అక్కడ రిలీవ్ అయ్యేదాకా ఫోన్ ద్వారా గానీ మెయిల్ ద్వారా గానీ కదపం. అది రెండో దశ, మీరు ఇక్కడ చేరాక 30 రోజుల్లో ముగిస్తాం.

చదువు విషయంలో పదో తరగతి మెమో, ఎస్వీ యూనివర్సిటీ బీకాం మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపండి. కాన్వొకేషన్ పట్టా ఇంకా తీసుకోలేదని చెప్పారు, పర్వాలేదు, ప్రొవిజనల్ చాలు. ఒరిజినల్స్ చేరే రోజు తెచ్చి చూపించి అప్పుడే వెనక్కి తీసుకెళ్లండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకోవడం మా దగ్గర లేదు, ఎవరైనా ఇచ్చి వెళ్లమంటే ఇవ్వకండి.

పేరు గురించి చాలామంది టెన్షన్ పడతారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది, పాత కంపెనీ లెటర్‌లో అసలు ఉండదు. మన వైపు ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. వెరిఫికేషన్ ఏజెన్సీ వాళ్లు బయటి రాష్ట్రం నుంచి చూస్తే దీన్ని తేడాగా రాసేస్తారు, అందుకే అలాంటి రిపోర్టు వస్తే మేమే కూర్చుని చూస్తాం. పుట్టిన తేదీ, తండ్రి పేరు కలిస్తే మీరు తెల్లకాగితం మీద సంతకంతో ఒక డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది, నోటరీ కూడా అక్కర్లేదు.

పాత కంపెనీల్లో చూసేది మూడే విషయాలు: చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా. వీటిని మీ యూఏఎన్‌లో ఉన్న పీఎఫ్ సర్వీస్ హిస్టరీతో పోల్చి చూస్తాం. మొదట చేసిన చెన్నై కంపెనీ మూతపడిందని చెప్పారు, రిలీవింగ్ లెటర్ లేదని భయపడకండి. పీఎఫ్ హిస్టరీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16, ఈ మూడింట్లో ఏ రెండు ఉన్నా ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటాం. తేదీల్లో కొన్ని రోజుల తేడా ఉంటే అడిగి తెలుసుకుంటాం, దానికోసం ఆఫర్ రద్దు చేయం. మధ్యలో ఖాళీగా ఉన్న నెలలకు కూడా అంతే, ఇంట్లో బాగోలేకనో, పరీక్షలకు చదువుకుంటూనో ఉన్నామని ఒక లైను రాస్తే చాలు.

కానీ చేయని ఉద్యోగానికి కన్సల్టెన్సీ దగ్గర కొనుక్కున్న ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫేక్ పే స్లిప్పులు, దిద్దిన మార్కుల మెమో, వీటిలో ఏది బయటపడినా ఆఫర్ అక్కడితో ఆగిపోతుంది. చేరిన తర్వాత తెలిసినా అంతే. అయితే రిపోర్టు కాపీ మీకు ఇవ్వకుండా, జవాబు చెప్పుకోవడానికి 5 పనిదినాలు ఇవ్వకుండా ఏ నిర్ణయమూ తీసుకోం, ఎందుకంటే రిపోర్టులు కూడా తప్పవుతాయి.

అడ్రస్ చూడటానికి ఏజెన్సీ మనిషి చిత్తూరులో మీరు అద్దెకుంటున్న ఇంటికి వస్తారు. వచ్చే ముందు ఫోన్ చేస్తారు, ఐడీ కార్డు చూపిస్తారు, ఇంటి గుమ్మం ఫొటో తీసుకుని అక్కడున్నవాళ్ల సంతకం అడుగుతారు. మీరు ఆఫీసులో ఉన్నా ఇంట్లో అమ్మగారో నాన్నగారో ఉంటే చాలు. ఇంటి ఓనరుకు ముందే ఒక మాట చెప్పి పెట్టండి, లేకపోతే ఎవరో వచ్చి మీ గురించి ఆరా తీస్తున్నారని కంగారు పడతారు. వచ్చిన మనిషి టీ ఖర్చు, పెట్రోలు ఖర్చు అని డబ్బులడిగితే ఇవ్వకండి, మాకు చెప్పండి. వెరిఫికేషన్ ఖర్చు మొత్తం మాదే. ఉద్యోగం పేరుతో డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ అడ్వాన్సు అంటూ ఎవరు ఫోన్ చేసినా అది మేం కాదు.

కోర్టు రికార్డుల్లో మీ పేరున కేసు కనిపిస్తే, అది ఎలాంటి కేసు, మా పనికి సంబంధం ఉందా లేదా అని చూస్తాం. మన పని ఆసుపత్రుల బిల్లులు, రోగుల వివరాలతో కాబట్టి మోసం, ఫోర్జరీ, డేటా దొంగతనం లాంటివాటిలో శిక్ష పడి ఉంటే తీసుకోలేం. పొలం గట్టు తగాదాలో పేరు చేర్చారనో, విచారణలో ఉన్న కేసు ఉందనో వద్దనం. కులం, మతం, పెళ్లి, పిల్లల ప్లాన్లు, లోన్లు, సిబిల్ స్కోరు వీటిలో ఏదీ అడగం, ఏజెన్సీ వాళ్లు అడిగినా మీరు చెప్పక్కర్లేదు.

మీ కాగితాలను ఈ పనికి తప్ప ఇంకే పనికీ వాడం. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ప్రకారం మీ అనుమతి విడిగా అడుగుతాం, ఆ ఫారం దీంతోపాటే ఉంది. ఆధార్ పంపేటప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ పంపండి. ఏ కారణంగానైనా మీరు చేరకపోతే 90 రోజుల్లో అన్నీ తుడిచేసి మెయిల్ పెడతాం.

ప్రొబేషన్

3 ఆగస్టు 2026 నుంచి 2 ఫిబ్రవరి 2027 వరకు, ఆరు నెలలు. జీతంలో కోత ఏమీ ఉండదు, పీఎఫ్ మొదటి నెల నుంచే కడతాం. మా గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీ పేరు, మీ అమ్మానాన్నల పేర్లు మొదటి రోజే చేరుస్తాం, కన్ఫర్మ్ అయ్యేదాకా ఆగమని చెప్పం.

మొదటి రెండు నెలలు ట్రైనింగే, అప్పుడు చేసిన తప్పులు ఎక్కడా లెక్కలోకి రావు. మూడో నెల నుంచి మీరు చూసిన క్లెయిముల్లో కొన్నింటిని టీమ్ లీడ్ మళ్లీ చూస్తారు, వాటిలో 95 శాతం సరిగ్గా ఉండాలి. రెండో నెల చివర, నాలుగో నెల చివర కూర్చోబెట్టి ఎలా ఉందో చెప్పి, చెప్పింది మెయిల్‌లో కూడా పెడతాం. ఈ రెండు మెయిల్స్‌లో రాయని కారణాన్ని ఆరో నెలలో కొత్తగా తెచ్చి చూపించం.

నిర్ణయం 20 జనవరి 2027 లోపు రాతపూర్వకంగా వస్తుంది. ఫిబ్రవరి 2 దాటినా మేం ఏమీ రాయకపోతే మీరు కన్ఫర్మ్ అయినట్టే, ఇంకో లెటర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. ప్రొబేషన్ పొడిగించాల్సి వస్తే ఒక్కసారే, మూడు నెలలకు మించకుండా, ఎందుకో రాసి మరీ పొడిగిస్తాం. ప్రసూతి, ఆపరేషన్ లాంటి కారణాలతో సెలవు తీసుకోవడం పొడిగింపుకు గానీ తీసేయడానికి గానీ కారణం కాదు.

నోటీస్ పీరియడ్

ప్రొబేషన్‌లో 15 రోజులు, కన్ఫర్మ్ అయ్యాక 30 రోజులు. మీకెంతో మాకూ అంతే. ఒక్క తేడా ఉంది, అది మీకు అనుకూలమే: ప్రొబేషన్ పొడిగించి ఆరు నెలలు దాటితే, మీరు 15 రోజులే ఇచ్చినా మేం మాత్రం 30 రోజులు ఇస్తాం. ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం 1988 ఆరు నెలల సర్వీసు ఉన్నవాళ్లకు నెల నోటీసు అంటుంది, మేం దాన్నే పాటిస్తున్నాం.

మీరు మెయిల్ పెట్టిన మర్నాటి నుంచి లెక్క మొదలు, ఆదివారాలు, పండగలు, గరుడసేవకు ఇచ్చే సెలవుతో సహా అన్నీ రోజులే. టీమ్ లీడ్ ఒప్పుకోలేదు, మేనేజర్ అప్రూవ్ చేయలేదు అని లెక్క ఆగదు. జ్వరమొచ్చి రెండు రోజులు రాకపోతే నోటీసు పెరగదు. సొంత పనికి ఎర్న్‌డ్ లీవ్ పెట్టుకుంటే మాత్రం నోటీసు అన్ని రోజులు పెరుగుతుంది.

ముందే వెళ్లాల్సి వస్తే మిగిలిన రోజులకు బేసిక్ లెక్కన మాత్రమే కట్టాలి. 30 రోజుల్లో 18 చేసి వెళ్లారనుకోండి, మిగిలిన 12 రోజులకు రోజుకు 500 చొప్పున 6,000. అదే ఆ 12 రోజులు మీరు రావద్దని మేమే అంటే పూర్తి జీతం లెక్కన 11,200 మేం మీకు ఇవ్వాలి. బాండ్ లేదు, ట్రైనింగ్ ఖర్చు వసూలు చేయడం లేదు.

నోటీసు లేకుండా పంపేసే సందర్భం ఒకటే, రోగుల డేటా బయటికివ్వడం, డబ్బు మోసం, ఆఫీసులో ఎవరినైనా వేధించడం లాంటి తీవ్రమైన తప్పు. అప్పుడు కూడా ఆరోపణ రాసిచ్చి, మీ జవాబు విన్నాకే.

రావాల్సిన జీతం చివరి రోజు తర్వాత 2 పనిదినాల్లో పడుతుంది, వేతనాల కోడ్ 2019 చెప్పేదీ అదే. రిలీవింగ్ లెటర్ చివరి రోజు సాయంత్రం చేతికిస్తాం. మీరు మాకు కట్టాల్సింది ఏమైనా ఉన్నా లెటర్ ఆపం, ఎందుకంటే ఆ కాగితం మీ తర్వాతి ఉద్యోగానిది.

ఈ షరతుల్లో ఏదైనా మార్చాలంటే ఇద్దరం సంతకం చేయాలి, మేం ఒక్కరమే మెయిల్ పెట్టి మార్చలేం. అడగాల్సినవి ఏమైనా ఉంటే సంతకానికి ముందే అడగండి, ఫోన్‌లో చెప్పిన జవాబును మెయిల్‌లో కూడా ఇమ్మని అడిగితే ఇస్తాం.

ఒప్పుకుంటే ప్రతి పేజీ కింద సంతకం చేసి, స్కాన్ కాపీని, డేటా అనుమతి ఫారంతో కలిపి 12 జూన్ 2026, శుక్రవారం సాయంత్రం 6 గంటల్లోపు ఇదే మెయిల్‌కు రిప్లై చేయండి. ఇంకో రెండు రోజులు ఆలోచించుకోవాలనుకుంటే శుక్రవారంలోపు ఆ మాట చెప్పండి, సోమవారం 15వ తేదీ వరకు ఆగుతాం, కాకపోతే పైన రాసిన తేదీలన్నీ ఆ మేరకు జరుగుతాయి.

ఇట్లు,
హెచ్ఆర్ మేనేజర్,
తిరుపతి ఆఫీసు