మద్దిచెలమ శివాలయం మరమ్మతు: విరాళాల కోసం ఊరి విన్నపం

[దృశ్యం: గుడి మండపం. వాన రోజు తీసిన దృశ్యం. నంది పక్కన ఇత్తడి బిందె. మిద్దె నుంచి చుక్కలు బిందెలో పడుతున్న చప్పుడు. పది సెకన్ల పాటు మాటలు లేవు.]

నమస్కారం. మాది నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఉన్న మద్దిచెలమ. నేను ఈ ఊరి పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళో అందరూ పోస్టమ్మ అని పిలుస్తారు. మీరూ అలాగే పిలవండి. శివాలయ జీర్ణోద్ధరణ సంఘానికి కోశాధికారిని నేనే. మీ డబ్బు నా చేతి మీదుగా వెళ్తుంది కాబట్టి మీతో మాట్లాడే పని నాకు అప్పగించారు.

ఇప్పుడు మీరు విన్న చప్పుడు పోయిన శ్రావణంలోది. వాన వెలిసిన తర్వాత కూడా రెండు రోజుల పాటు ఆ బిందెలో చుక్కలు పడుతూనే ఉన్నాయి. మిద్దె లోపల నీరు నిలిచిపోయింది.

ముందు ఒక విషయం చెప్పాలి. ఇది వెయ్యేళ్ళ నాటి గుడి అని కొందరు అంటారు. మా దగ్గర దానికి ఆధారం లేదు. మండపం దూలం మీద తెలుగు అంకెల్లో 1926 అని చెక్కి ఉంది. మేము చూపించగలిగింది అంతే. ఈ గుడికి పేరున్న మహిమలు కూడా లేవు. పెళ్ళి శుభలేఖ మొదట ఇక్కడ పెడతాం. పరీక్షకు వెళ్ళే పిల్లలు హాల్ టికెట్టు నంది వీపు మీద పెట్టి తీసుకుంటారు. కార్తికంలో ఈ మండపమంతా దీపాలే. మా గుడి గొప్పతనం ఇదే.

[దృశ్యం: గోడ. ఉబ్బిన సిమెంటు పూత. మేస్త్రీ చేతి వేళ్ళతో నొక్కితే పొరగా ఊడి పడుతుంది.]

ఈ గోడ చూడండి. ఇది మేము చేసిన తప్పు. పన్నెండేళ్ళ కిందట చందాలు వేసుకుని గుడికి సిమెంటు పూత పూయించాం. చూడటానికి కొత్తగా, నున్నగా ఉందని సంతోషపడ్డాం. ఏం జరిగిందో మేస్త్రీ గారు చెబుతారు.

మేస్త్రీ: "ఇది గానుగ సున్నంతో కట్టిన గోడమ్మా. సున్నం గోడ తడి పీల్చినా ఎండకు మళ్ళీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తడికి బయటికి వచ్చే దారి ఉండదు. లోపల సున్నం మెత్తబడి పొడి రాలుతుంది. మీరు కొత్త సిమెంటు పూయమన్నా నేను పూయను. ఈ పూతంతా జాగ్రత్తగా గీసేసి, సున్నం నానబెట్టి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి పాత పద్ధతిలోనే పూయాలి. ఆలస్యమవుతుంది, కూలి ఎక్కువవుతుంది. అయినా అదే సరైన పని."

అప్పటి చందాల గురించి కూడా చెప్పాలి. ఆ లెక్కల పుస్తకం ఈ రోజు మా దగ్గర లేదు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో చూపించలేం. ఎవరో తిన్నారని నేను అనను. తినలేదని చూపించడానికి కాగితం కూడా లేదు. అప్పుడు ఇచ్చినవాళ్ళలో కొందరు ఈసారి "మళ్ళీనా?" అన్నారు. అలా అడిగే హక్కు వాళ్ళకు ఉంది. పోస్టాఫీసులో యాభై రూపాయల మనియార్డరుకు కూడా రసీదు రాసిన దాన్ని. ఊరి గుడి డబ్బుకు రసీదు ఎందుకు అడగలేదా అని ఇప్పటికీ బాధపడుతున్నాను. ఈసారి అలా జరగనివ్వను.

[తెర మీద: ఖర్చు అంచనా పట్టిక]

మొత్తం అంచనా 18,40,000 రూపాయలు.
మండపం మిద్దె విప్పి, పుచ్చిన టేకు దంతెలు మార్చి, ఇటుక, సున్నంతో మళ్ళీ వేయడానికి 7,20,000.
గోడల సిమెంటు గీసి సున్నం పూతకు 3,10,000.
గర్భగుడి మీది విమానం బీటలు పూడ్చడానికి 2,60,000.
నేలకు బేతంచెర్ల బండలు, గుడి చుట్టూ నీరు పోయే కాలువ 2,35,000.
కరెంటు వైరింగు 65,000.
మరమ్మతు అయ్యేదాకా స్వామిని ఉంచే బాలాలయం, విగ్రహంలోని కళను కలశంలోకి తీసుకునే కళాకర్షణ, చివర కుంభాభిషేకం 1,50,000.
పాత కట్టడాన్ని విప్పితే లోపల ఏం బయటపడుతుందో ముందే తెలియదు, దానికి విడిగా 1,00,000.

కుంభాభిషేకానికి ఘనంగా ఖర్చు చేయాలన్నవాళ్ళూ ఉన్నారు. ఆ పెద్ద పందిరి, బ్యాండు, బాణసంచా కావాలంటే ఊరివాళ్ళమే విడిగా చందా వేసుకుంటాం. మీరు పంపే డబ్బులో ఒక్క రూపాయి కూడా వాటికి వెళ్ళదు.

ఊళ్ళో 212 ఇళ్ళ నుంచి 6,15,000 వచ్చింది. హుండీ పొదుపు 85,000 ఉంది. అంటే 7,00,000 చేతిలో ఉంది. ఇంకా కావాల్సింది 11,40,000. మిమ్మల్ని అడుగుతున్నది ఇదే. దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధికి కూడా దరఖాస్తు పెట్టాం. ఇంకా మంజూరు కాలేదు. మంజూరైతే ఆ రోజే ఈ వీడియో కింద రాస్తాం, కావాల్సిన మొత్తాన్ని అంత తగ్గిస్తాం. 11,40,000 పూర్తయిన రోజు విరాళాలు తీసుకోవడం ఆపేస్తాం.

[దృశ్యం: విమానం మీద మొలిచిన రావి మొక్క, రాళ్ళ సందులోకి దిగిన వేర్లు. పూజారి గారు.]

పూజారి: "రావి మొక్కను పీకేయడానికి మాకు మనసు ఒప్పలేదు. మొదలు కొట్టేస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేరుతో సహా తీయాలి. తీసి చెరువు కట్ట మీద నాటుతాం. శివరాత్రి అయ్యాక మంచి రోజు చూసి బాలాలయంలో స్వామిని ఉంచుతాం. మరమ్మతు జరిగినన్ని రోజులూ నిత్యపూజ అక్కడే జరుగుతుంది. పూజలు చేయడానికి నేను సంఘం నుంచి విడిగా ఏమీ తీసుకోవడం లేదు."

వానలు మొదలయ్యేలోపు మిద్దె పూర్తి కావాలి. అందుకని డబ్బు తక్కువ పడినా మొదట మిద్దె పనే చేస్తాం. దానికి సరిపడినంత ఇప్పటికే దాదాపు ఉంది. మిగతావి డబ్బు వచ్చిన కొద్దీ ఒక్కొక్కటిగా మొదలుపెడతాం. అప్పు తెచ్చి పని చేయం. అన్నీ కుదిరితే కార్తికానికి పూర్తవుతుంది. కుదరకపోతే ఆలస్యమవుతుంది. ఎందుకు ఆలస్యమైందో మీకు చెబుతాం.

[తెర మీద: బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, క్యూఆర్ కోడ్]

డబ్బు పంపే ముందు ఒక్క క్షణం ఆగండి. కోడ్ స్కాన్ చేయగానే మీ ఫోనులో "శివాలయ జీర్ణోద్ధరణ సంఘం, మద్దిచెలమ" అనే పేరు రావాలి. వ్యక్తి పేరు వస్తే, అది నా పేరైనా సరే, పంపకండి. గుడి పేరుతో ఎవరైనా ఫోను చేసి డబ్బు అడిగితే అది మేము కాదు. మేము ఎవరికీ ఫోను చేయం.

ఖాతా నుంచి డబ్బు తీయాలంటే ముగ్గురిలో ఇద్దరి సంతకాలు ఉండాలి. అధ్యక్షుడు, నేను, ఎస్సీ కాలనీ నుంచి సంఘంలో ఉన్న ఒక చెల్లెలు, మేము ముగ్గురం. ప్రతి నెలా 5వ తేదీన వచ్చినదీ పోయినదీ మండపం గోడ మీది బోర్డులో రాస్తాం. దాన్నీ, బిల్లులనూ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. గ్రూపులో లేనివారికి ఉత్తరం రాయమన్నా రాస్తాను, నాకు అలవాటైన పనే. రెండు వేలు దాటిన నగదు తీసుకోం, బ్యాంకు ద్వారానే. పని పూర్తయ్యాక ఆడిటర్ సంతకం చేసిన లెక్క కూడా చూపిస్తాం.

మీరు వేరే చోట వింటే అనుమానం కలుగుతుంది కాబట్టి ఇది కూడా చెబుతున్నాను. నేల బండలు ఇస్తున్న వ్యాపారి మా సంఘ సభ్యుడొకరికి బావమరిది. ముగ్గురు వ్యాపారుల దగ్గర ధరలు తీసుకున్నాం, ఈయనదే తక్కువ. ఆ నిర్ణయం తీసుకున్న రోజు ఆ సభ్యుడు సమావేశానికి రాలేదు. మూడు ధరల కాగితాలూ బోర్డు మీద అంటించాం.

ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు మా సంఘానికి లేదు. అది ఆశించి ఇవ్వవద్దు. ఇంకో మాట. మన ఊరి పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ దగ్గర మేము తీసుకోలేం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద మా సంఘానికి నమోదు లేదు. ఊళ్ళో ఉన్న అన్న పేరు మీద పంపేస్తామని ఇద్దరు అడిగారు. వద్దన్నాం. మీ మనసు మాకు తెలుసు నాన్నా, ఈ ఊరికి వచ్చి ఒక రోజు సున్నం కలపండి, చాలు.

[దృశ్యం: రసీదు పుస్తకం. చేతి రాత.]

మీరు ఇచ్చేది ఎంతైనా మీ పేరు వచ్చిన తేదీ ప్రకారమే పుస్తకంలో రాస్తాం, మొత్తాన్ని బట్టి కాదు. గుడి గోడకు దాతల శిలాఫలకాలు పెట్టం. పేరు వద్దంటే "గుప్తదానం" అని రాస్తాం. రసీదు మాత్రం తప్పకుండా ఇస్తాం. మీ ఫోను నంబరు మరెవరికీ ఇవ్వం. ఇంకో గుడి, ఇంకో పండుగ అంటూ మళ్ళీ మిమ్మల్ని అడగం.

పోయిన నెల ఒక తమ్ముడు పది వేలు ఇచ్చాడు. వడ్డీకి తెచ్చి ఇచ్చాడని తర్వాత తెలిసింది. అధ్యక్షుడూ నేనూ ఇంటికి వెళ్ళి ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాం. మొదట కోపగించుకున్నాడు. "నా మొక్కు ఏమవుతుంది పోస్టమ్మా?" అన్నాడు. నీ పిల్లల బడి ఫీజు కట్టాక చూద్దాం నాన్నా, స్వామి ఎక్కడికీ పోడు అన్నాను. మీకు కూడా అదే చెబుతున్నాను. ఇంటి అవసరాలు తీరిన తర్వాత, ఇవ్వాలనిపిస్తేనే ఇవ్వండి. ఇవ్వకపోతే చెడు జరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ వీడియో చూసి పక్కన పెట్టేసినా మాకు ఏమీ అనిపించదు.

పని అయ్యాక డబ్బు మిగిలితే గుడి మరమ్మతు నిధిగా బ్యాంకులో వేస్తాం. అలా వద్దనుకున్నవారు ముందే చెబితే వాళ్ళ వాటా తిరిగి పంపుతాం.

[దృశ్యం: సాయంత్రం. మండపంలో చాప, చిన్న బల్ల, దాని మీద లెక్కల పుస్తకం.]

రోజూ సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు నేను ఇక్కడే కూర్చుంటాను. మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చి ఈ పుస్తకం తెరిచి చూడవచ్చు. వాన రోజైతే బిందెను కాస్త పక్కకు జరిపి కూర్చోండి.