అర్ధ సంవత్సర సమీక్షా సంభాషణ: సారాంశ పత్రం

కాలం: 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. సంభాషణ జరిగినది: 2025 అక్టోబరు 8, పలమనేరు పాల శీతలీకరణ కేంద్రంలో. పాల్గొన్నవారు: పాల సేకరణ పర్యవేక్షకురాలు, ఏరియా మేనేజరు. రాసినది ఏరియా మేనేజరు. పర్యవేక్షకురాలు చదివి రెండు చోట్ల సరిదిద్దారు.

ఈ పత్రం పనికి మార్కులు వేయడానికి కాదు. ఇందులో శ్రేణి గానీ, మరొకరితో పోలిక గానీ, బాగుంది, బాగాలేదు అనే తీర్పు గానీ రాయలేదు. ఇది జీతం పెంపు ఫైలులో చేరదు. మార్చిలో జరిగే వార్షిక మదింపులో దీని నుంచి ఎత్తి చూపదగినవి సవరించిన లక్ష్యాలు, వాటికి కారణాలు మాత్రమే.

ఇప్పటివరకు జరిగిన పని

మీ పరిధిలోని 14 గ్రామ సేకరణ కేంద్రాల్లో చేతిరాత చీటీలకు బదులు వెన్న శాతాన్నీ, ఎస్‌ఎన్‌ఎఫ్‌నూ కొలిచి చీటీ ముద్రించే యంత్రాలు పెట్టాలని ఏప్రిల్‌లో అనుకున్నాం. సెప్టెంబరు ఆఖరుకు 9 కేంద్రాల్లో అవి పనిచేస్తున్నాయి. జూన్‌లో మిమ్మల్ని మూడు వారాల పాటు పక్క ఏరియాకు పంపింది నేనే. ఆ రోజులు ఏప్రిల్ లెక్కలో లేవు కాబట్టి, ఈ సంఖ్యను ఆ సంగతితో కలిపే చదవాలి.

పులిసి వెనక్కి వచ్చిన సాయంత్రం పాల క్యాన్లు మేలో 11, ఆగస్టులో 4, సెప్టెంబరులో 5. మేలో ఎండ తీవ్రత కూడా ఎక్కువే కనుక, ఈ తగ్గుదలను మీరు మార్చిన క్యాన్లు కడిగే పద్ధతికే గానీ, చల్లబడిన వాతావరణానికే గానీ పూర్తిగా జమ కట్టలేము. కొత్తగా తెరవాలనుకున్న ఆరు గ్రామాల్లో రెండింటిలో సేకరణ మొదలైంది.

అడ్డంకులు

అన్నిటికన్నా పెద్దది సాయంత్రం బండి. ఒకే వాహనం రెండు దారులు తిరుగుతున్నందువల్ల చివరి నాలుగు గ్రామాల పాలు రాత్రి 8 గంటలకు బదులు 9 దాటాక కేంద్రానికి చేరుతున్నాయి. పితికిన పాలు 4 డిగ్రీలకు చల్లబడడం ఎంత ఆలస్యమైతే సూక్ష్మజీవులు అంతగా పెరుగుతాయి కనుక, మరిగించి చూసే పరీక్షలో విరిగిన పాలన్నీ ఈ నాలుగు గ్రామాలవే కావడం కాకతాళీయం కాదని ఇద్దరం అంగీకరించాం. బండిని సర్దడం మీ చేతిలో లేదు, నా చేతిలో ఉంది.

యంత్రాలు రావలసిన ఐదు కేంద్రాల్లో మూడింటికి యంత్రాలు చేరినా స్టెబిలైజర్లు రాలేదు. ఓల్టేజీ హెచ్చుతగ్గులున్న చోట వాటిని ఆన్ చేయనివ్వకపోవడం మీ నిర్ణయం, దాన్ని నేను సమర్థిస్తున్నాను. మిగతా రెండు కేంద్రాలకు స్థిరమైన గది లేదు. జూలైలో పాల బిల్లులు తొమ్మిది రోజులు ఆలస్యమైనప్పుడు రైతుల కోపాన్ని కేంద్రాల కార్యదర్శులూ మీరూ భరించవలసి వచ్చిందని మీరు చెప్పారు. ఆ ఆలస్యం అకౌంట్స్ విభాగంలో జరిగింది.

అంగీకరించిన మార్పులు

యంత్రాల లక్ష్యం మార్చి లోపు 14 నుంచి 12కు తగ్గింది. గదులు కుదరని రెండు కేంద్రాలు వచ్చే సంవత్సరానికి వెళ్తాయి. స్టెబిలైజర్లు అక్టోబరు 25 లోగా తెప్పించే బాధ్యత నాది. నవంబరు 3 నుంచి సాయంత్రానికి రెండో వాహనం ఏర్పాటు చేస్తాను. అది కుదరకపోతే ఆ నాలుగు గ్రామాల క్యాన్ల లెక్క మీ పేరు మీద రాయకూడదు.

కొత్త గ్రామాలు ఆరు కాదు, నాలుగు. మిగిలిన ఆ రెండింటినీ నవంబరులోనే మొదలుపెడదామని మీరు ప్రతిపాదించారు: చలికాలంలో పశుగ్రాసం, పాలు రెండూ ఎక్కువగా ఉంటాయి, వేసవిలో తెరిచిన కేంద్రానికి రైతు అలవాటు పడేలోపే పాలు తగ్గిపోతాయి. ఈ వాదన నాకు నచ్చింది, తేదీని అలాగే మార్చాం. నెలకు రెండు రైతు సమావేశాలకు బదులు ఒకటి చాలు.

ఒక విషయంలో అభిప్రాయం కలవలేదు. వెన్న శాతం మీద రైతులు గొడవపడుతున్న కేంద్రంలో రోజూ నమూనా తెచ్చి ఇక్కడి ప్రయోగశాలలో సరిచూడాలని నా మాట. వారానికి ఒకసారి, అదీ రైతు ఎదుట తీసిన నమూనా అయితేనే నమ్మకం కుదురుతుందని మీ మాట. నవంబరు 20 వరకు మీ పద్ధతే నడుపుతాం, ఆ రోజు మళ్లీ మాట్లాడతాం.

పర్యవేక్షకురాలు చేర్చిన మాట

"జూన్‌లో నేను లేని మూడు వారాలూ రెండు కేంద్రాల కార్యదర్శులు చీటీలు పొరపాటు లేకుండా రాశారు. ఆ సంగతి కూడా ఇందులో ఉండాలి."

తదుపరి సంభాషణ: 2026 జనవరి 12. ఇద్దరూ చదివి అక్టోబరు 10న సంతకం చేశారు. ఒక ప్రతి పర్యవేక్షకురాలి దగ్గర, ఒకటి ఏరియా మేనేజరు దగ్గర ఉంటాయి.